అచ్చయిన అనువాదమా, సొంత అనువాదమా?

ఇంగ్లీషులో రాసే పరిశోధన పేపర్లో ‘కన్యాశుల్కం’ నుంచి ఒక సంభాషణ ఉదహరించాలి. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం ఉంది. అది తీసుకోవాలా, మనమే చేసుకోవాలా?

శ్రమ: అచ్చయినదైతే పేజీ నంబరు ఇస్తే చాలు. సొంతమైతే ఫుట్‌నోట్‌లో తెలుగు మూలం, ‘అనువాదం నాది’ అన్న మాట రెండూ ఉండాలి. తెలుగు బాగా వచ్చిన ఇంకొకరితో చదివించుకోవాలి కూడా.

నమ్మకం: తెలుగు రాని రివ్యూయర్ అచ్చయినదాన్ని తెరిచి చూసుకోగలడు. మన అనువాదాన్ని మాత్రం మన మాట మీదే నమ్మాలి.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. నాటకం 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. అచ్చయిన అనువాదం ఈ రెండో కూర్పుకే. మీ వాదన 1892 ప్రేక్షకుల గురించైతే, ఆ ఇంగ్లీషు వాక్యం వాళ్లు వినని మాట కావచ్చు. అనువాదం తప్పు కాకపోయినా ఉదాహరణ తప్పవుతుంది. అందుకే ముందు 1897 కూర్పు తెరిచి, ఆ సంభాషణ అందులో ఉందో లేదో చూడండి. (పీఠికలతో ఈ టెన్షన్ లేదు, గురజాడ వాటిని ఇంగ్లీషులోనే రాశారు.)

1909 నాటకం కథ, పాత్రల గురించి రాస్తుంటే అచ్చయిన అనువాదమే మేలు. తొలి కూర్పు మీదైనా, పాత్రల యాస మీదైనా వాదన నిలబడితే సొంత అనువాదం తప్పదు. అప్పుడు ఏ కూర్పో, ఏ సంవత్సరమో ప్రతి ఉదాహరణ పక్కనా రాయండి.