చవక గ్రాన్యూల్సా, పాత గ్రాన్యూల్సా: ఏది మేలు?

ప్రొడక్షన్ మేనేజర్ గారికి,
కాస్ట్ అకౌంట్స్ నుంచి
విషయం: మూతల లైన్‌లో మెటీరియల్ యూసేజ్ వేరియన్స్

ఈ నెల 2,00,000 మంచి మూతలు వచ్చాయి. మూతకు 50 గ్రాముల స్టాండర్డ్ లెక్కన 10,000 కిలోల ప్లాస్టిక్ సరిపోవాలి. స్టోర్స్ నుంచి వెళ్లింది 10,800 కిలోలు. ఎక్కువైన 800 కిలోలను స్టాండర్డ్ ధర 100తో గుణిస్తే 80,000 అడ్వర్స్. అదే నెలలో పర్చేజ్ వాళ్లు కొత్త రకం గ్రాన్యూల్స్‌ని కిలో 94కే కొన్నారు కాబట్టి వాళ్లకు 64,800 ఫేవరబుల్ వచ్చింది. రిపోర్టులో మెప్పు వాళ్లకు, మాట మీకు. రెండూ కలిపి చూస్తే కంపెనీకి పోయింది 15,200.

ఇప్పుడు మన ముందున్న దారులు రెండు: పాత గ్రాన్యూల్స్‌కి వెళ్లిపోవడం, లేదా చవకవి ఉంచుకుని నష్టాన్ని తగ్గించుకోవడం. స్టాండర్డ్‌నే పెంచేద్దాం అన్న మాట కూడా వినబడింది. కారణం తేలకుండా స్టాండర్డ్ పెంచితే వేరియన్స్ కాగితం మీద మాయమవుతుంది, వృథా మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

ఏ దారి మేలో చెప్పాలంటే ముందు ఆ 800 కిలోలు ఎటు పోయాయో తెలియాలి. స్టాండర్డ్‌లో మూత బరువు 48.5 గ్రాములు, మామూలు వృథాకు 1.5. మంచి మూతలనే తూకం వేయిస్తే సగటు 49.5 వచ్చింది. మూతకు ఒక గ్రాము చొప్పున 200 కిలోలు మంచి సరుకులోనే బయటికి వెళ్లిపోయాయన్నమాట. ఇది స్క్రాప్ రిజిస్టర్‌లో ఎప్పటికీ కనబడదు. సగం నిండిన మూతలు రాకుండా ఆపరేటర్లు ప్రెషర్ పెంచినా బరువు పెరుగుతుంది, అప్పుడు తప్పు కొత్త గ్రాన్యూల్స్‌దే అవుతుంది. కానీ పాత గ్రాన్యూల్స్‌తో చేసిన పోయిన నెల శాంపిళ్లు కూడా 49.4 తూగాయి. అందుకే నా అనుమానం అరిగిన మోల్డ్ మీద. ఏ గ్రాన్యూల్స్ వాడినా ఈ రిపేరు తప్పదు.

స్క్రాప్ రిజిస్టర్‌లో మామూలుకు మించి ఉన్నది 475 కిలోలు, ఎక్కువగా నల్ల మచ్చలవి, సగం నిండినవి. మచ్చలున్నవాటిని పొడి చేసి మళ్లీ కలపడం కుదరదు. మిగిలిన 125 కిలోలకు ఏ కాగితంలోనూ జాడ లేదు. అది సరిగ్గా 25 కిలోల బస్తాలు ఐదు. నెలాఖరున మెషీన్ పక్కన విప్పని బస్తాలు ఉండిపోయి, రిటర్న్ స్లిప్ రాయకపోయి ఉండొచ్చు. అలాగైతే అది వృథా కాదు, లెక్క తప్పు.

ఇక పోల్చి చూద్దాం. మోల్డ్ బాగయ్యాక పాత గ్రాన్యూల్స్‌తో అయితే ఇదే ఉత్పత్తికి ఖర్చు 10,00,000. చవకవాటితో, ఆ ఐదు బస్తాలు దొరికితే, 10,475 కిలోలకు 9,84,650. అంటే 15,350 మిగులు. బస్తాలు నిజంగానే ఖర్చయి ఉంటే 10,600 కిలోలకు 9,96,400, మిగులు 3,600కి పడిపోతుంది. ఒక్క రిటర్న్ స్లిప్ మీద ఇంత తేడా ఉంది.

ఇంకో ఖర్చు వేరియన్స్‌లోకి రాదు. 475 కిలోల స్క్రాప్ అంటే దాదాపు 9,500 మూతలు రెండోసారి చేయడం. మెషీన్లు ఖాళీగా ఉంటే ఫర్వాలేదు. అదే ఓవర్‌టైమ్‌లో చేస్తుంటే, మూతకు అదనపు ఖర్చు 1.60 దాటగానే బస్తాలు దొరికిన లెక్కలోని మిగులు కూడా హరించుకుపోతుంది. మీ షిఫ్టులు ఇప్పుడు నిండుగా నడుస్తున్నాయి కాబట్టి ప్రస్తుతానికి పాత గ్రాన్యూల్సే మేలని నా అభిప్రాయం. ఆర్డర్లు తగ్గి మెషీన్ టైమ్ మిగిలితే చవకవాటిని మళ్లీ చూడొచ్చు.

అయితే ఆ మచ్చలు గ్రాన్యూల్స్ వల్లే అని నేను ఇంకా ఒట్టేసి చెప్పలేను. బ్యారెల్‌లో మాడిన ప్లాస్టిక్ వల్ల కూడా నల్ల మచ్చలు వస్తాయి. ఒకే మెషీన్, ఒకే మోల్డ్, ఒకే ఆపరేటర్‌తో, బ్యారెల్ శుభ్రం చేయించి, సగం షిఫ్ట్ పాతవి, సగం షిఫ్ట్ కొత్తవి నడిపించండి. పాతవాటితోనూ మచ్చలు వస్తే పర్చేజ్ వాళ్లను అనడానికేమీ లేదు. గంటకోసారి పది మూతలు తూచి రాయమని కూడా చెప్పండి. బస్తాల లెక్క మాత్రం ఈ రోజే కావాలి, స్టోర్స్ అతన్ని వెంటబెట్టుకుని నేనే వస్తాను.