అష్టా చెమ్మా, సీక్వెన్స్, రమ్మీకబ్: ఎనిమిదేళ్ల పాపకీ నానమ్మకీ ఏది మేలు?

ఒక ఇల్లు అనుకుందాం. అమ్మ, నాన్న, మూడో తరగతి చదివే పాప, డెబ్బైకి దగ్గరపడిన నానమ్మ. నానమ్మకి ఒక కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. మోకాళ్ల నొప్పి వల్ల కింద కూర్చోలేరు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కలిసి ఆడాలి. డబ్బా మీద రాసిన వయసు చూసి ఆట కొంటే ఇక్కడ పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే అది పాప సంగతే చెబుతుంది. నానమ్మకి గళ్లు కనిపిస్తాయా, చెయ్యి అందుతుందా, పాప నిజంగా ఆడి గెలవగలదా అన్నవే చూడాలి.

ఈ లెక్కన వైకుంఠపాళి, క్యారమ్స్ ముందే పక్కకి వెళ్లిపోతాయి. వైకుంఠపాళిలో పందెం ఎంత పడితే అంత జరగడమే తప్ప ఆలోచించేది ఏమీ ఉండదు, ఎనిమిదేళ్లకే విసుగు వస్తుంది. క్యారమ్స్‌లో అంతా చేతి నేర్పే. నాన్న గెలుస్తూ ఉంటాడు, నానమ్మ భుజం నొప్పితో మధ్యలో లేచిపోతారు.

నా ఓటు అష్టా చెమ్మాకే, కానీ మామూలుగా ఆడే పద్ధతిలో కాదు. అయిదు వరసల చదరంలో 25 గళ్లు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. కాయ తన ఇంటి గడి నుంచి బయలుదేరి, బయటి వరస చుట్టి, లోపలి వరస తిరిగి, నడిమి గడిలో పండాలంటే 24 అడుగులు వెయ్యాలి. నాలుగు కాయలకీ కలిపి 96. గవ్వలకి బదులు సగానికి చీల్చిన చింతగింజలు వేస్తే, బోర్లా పడడానికీ వెల్లకిలా పడడానికీ సమాన అవకాశం ఉందనుకుంటే, ఒక పందేనికి సగటున రెండున్నర పడుతుంది. చెమ్మా అంటే నాలుగు, అష్టా అంటే ఎనిమిది; అవి పడినప్పుడు దొరికే రెండో పందెం కూడా కలుపుకుంటే మూడుకి కాస్త తక్కువ. అంటే ఎవరూ ఎవరినీ చంపకపోయినా ఒక్కొక్కరికీ 34 వంతులు కావాలి. కాయలు చస్తూ మళ్లీ మొదలవుతుంటే గంట దాటిపోతుంది. చాలా ఇళ్లలో పిల్లలు మధ్యలో లేచిపోవడానికి కారణం ఇదే, ఆట నచ్చక కాదు.

అందుకే మనిషికి రెండే కాయలు పెట్టండి. వంతులు సగానికి తగ్గి, ఆట అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ దిగాలన్న నియమం కూడా తీసేయండి. ఆ రెండూ కలిపి 16 పందేలకి సగటున రెండుసార్లే పడతాయి. నలుగురు ఆడేటప్పుడు పాప ఎనిమిది వంతులు ఊరికే చూస్తూ కూర్చోవాల్సి రావచ్చు. ఒక్క కాయనైనా చంపితేనే లోపలి వరసలోకి వెళ్లాలన్న నియమాన్ని మొదటి కొన్ని ఆటల్లో పక్కన పెట్టి, పాప చంపడానికి అలవాటు పడ్డాక తిరిగి పెట్టుకోవచ్చు.

ఇంత చేసినా ఆలోచన ఆటలో మిగిలే ఉంటుంది, నాకు నచ్చేది అదే. పాప కాయకి వెనక నానమ్మ కాయ ఉందనుకోండి. రెండు గళ్ల దూరంలో ఉంటే చాలా ప్రమాదం, ఎందుకంటే 16 పందేల్లో సగటున ఆరుసార్లు రెండే పడుతుంది. ఒకటికీ మూడుకీ నాలుగేసి సార్లు. నాలుగు గళ్ల దూరంలో ఉంటే ఒక్క చెమ్మాకే భయపడాలి, అది 16లో ఒక్కసారి. అయిదు గళ్లయితే చెమ్మా పడి, వెంటనే ఒకటి కూడా పడాలి. ఇంటు గుర్తు ఉన్న గడిలో కూర్చుంటే అసలు భయమే లేదు. ఈ లెక్క పాపకి ఎవరూ పలక మీద చెప్పక్కర్లేదు. నానమ్మ “అక్కడ పెట్టకే, రెండు పడితే పోతావు” అని రెండుసార్లు అంటే చాలు, మూడోసారి పాపే వేలితో గళ్లు లెక్కపెట్టుకుంటుంది. గవ్వలు మాత్రం చింతగింజల్లా సమానంగా పడవు, ఒక్కో జత గవ్వలది ఒక్కో తీరు. అవి వాడితే ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

పటాన్ని నేల మీద సుద్దతో గీయకుండా పెద్ద అట్ట మీద లావు మార్కర్‌తో గీసి బల్ల మీద పెట్టండి. గవ్వలు దొర్లిపోకుండా పక్కన ఒక తువ్వాలు పరచండి. కాయలకి నానమ్మ వేళ్లకి అందే సైజువి వెతకండి, నాలుగు రంగుల సీసా మూతలు సరిగ్గా సరిపోతాయి.

ఇంటికి చుట్టాలొచ్చి ఆరుగురయ్యారంటే అష్టా చెమ్మా చాలదు, అప్పుడు సీక్వెన్స్ మేలు. పేక ముక్కల బొమ్మలున్న బోర్డు మీద, చేతిలో ముక్క వేసి దానికి తగిన గడిలో బిళ్ల పెట్టి, వరసగా అయిదు కలపాలి. జట్లుగా ఆడతారు కాబట్టి పాప ఓడినా ఒక్కతే ఓడినట్టు ఉండదు. చిక్కల్లా బోర్డుతోనే. వంద గళ్లు, చిన్న బొమ్మలు, వాటిలో కొన్ని మనకి తలకిందులుగా ఉంటాయి. శుక్లం ఉన్న కంటికి ఇస్పేటు ఏడు ఎక్కడుందో వెతకడం పెద్ద పని. మంచి వెలుతురు ఉండాలి, ఎవరో ఒకరు “అదిగో ఆ మూల” అని చూపించడానికి ఒప్పుకోవాలి. ఇంకో సంగతి, ముక్క వేశాక కొత్తది తీసుకోవడం మర్చిపోయి తర్వాతివాళ్ల వంతు కూడా అయిపోతే ఆ ముక్క పోయినట్టే అని రూల్స్‌లో ఉంటుంది. పాపా మర్చిపోతుంది, నానమ్మా మర్చిపోతారు. ఆ రూల్‌ని మొదటి రోజే ఎత్తేయండి.

నానమ్మకి రమ్మీ వచ్చుంటే రమ్మీకబ్ మీద ఆశ పుడుతుంది. ఆ ఆశలో న్యాయం ఉంది. ముక్కలకి బదులు బిళ్లలు స్టాండులో నిలబెట్టుకోవచ్చు, కాబట్టి కీళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు పదమూడు ముక్కలు విసనకర్రలా పట్టుకునే బాధ లేదు. వరసలు, ట్రిప్లెట్లు ఆవిడకి కొట్టినపిండి. కానీ అంకెల రంగులు చూడండి: నలుపు, నీలం, ఎరుపు, నారింజ. శుక్లం ఉన్న కంటికి నీలం నలుపులా, నారింజ ఎరుపులా కనిపించి, తప్పు వరస పెట్టేయవచ్చు. కొనేముందు సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఆవిడ చేత నాలుగు రంగులూ వేరు చేయించి చూడటం మంచిది.

పాపకి వచ్చే ఇబ్బంది వేరు. మొదటిసారి బిళ్లలు దించాలంటే వాటి మొత్తం 30 కావాలి. 9, 10, 11 వరస ఉంటే సరిగ్గా సరిపోతుంది. అదే చేతిలో 4, 5, 6 వరసా, మూడు 3లూ ఉంటే 24 దగ్గరే ఆగిపోతుంది. రెండు జతలు చక్కగా కుదిరినా ఏమీ దించలేక, కొత్త బిళ్ల తీసుకుని ఊరుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లకి ఇది అన్యాయంలా అనిపిస్తుంది. పాప వరకు ఆ హద్దుని 20 చేస్తే ఆట నడుస్తుంది. బల్ల మీద ఉన్న వరసల్ని విడదీసి మళ్లీ కలపడం ఈ ఆటలో అసలు రుచి, అది పట్టుబడడానికి ఇంకో ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. అందుకని నలుగురే ఉన్న ఇంట్లో ఇప్పటికి అష్టా చెమ్మా అట్ట గీయండి, రమ్మీకబ్‌ని పాప అయిదో తరగతికి వచ్చాక కొనండి. ఈలోగా నానమ్మ రెండో కంటి ఆపరేషన్ కూడా అయితే ఆ రంగుల గొడవ చాలావరకు తీరిపోవచ్చు.