షేవింగ్ క్రీమా, జెల్లా, ఫోమా: సున్నితమైన చర్మానికి ఏది మేలు?

"గడ్డం గీసుకున్నాక మెడంతా మండుతోంది, ఫోమ్ మానేసి జెల్ కొనమంటారా?" అని అడిగేవాళ్లు చాలామంది. డబ్బా మార్చే ముందు ఒకటి చూసుకోవాలి: బ్లేడు తగిలేటప్పటికి వెంట్రుక నానిందా లేదా? నీళ్లు పీల్చుకుని మెత్తబడటానికి దానికి రెండు మూడు నిమిషాలు కావాలి. నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, ఎండుది బ్లేడును పట్టి లాగుతుంది.

ఫోమ్‌తో చిక్కు ఇక్కడే. అందులో చాలా భాగం గాలే. నొక్కగానే నురగ వచ్చేస్తుంది కాబట్టి నానకముందే గీయడం మొదలుపెడతాం. బుగ్గలు పూర్తయి మెడకు వచ్చేసరికి బుడగలు పగిలి పొర పలచబడుతుంది. మెడ మీద వెంట్రుకలేమో తలో దిక్కుకు పెరుగుతాయి. ఒకసారికి తెగక అక్కడే మళ్లీ మళ్లీ గీస్తాం. ఇక మండక ఏం చేస్తుంది?

క్రీమ్ నురగ రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే మేలు చేస్తుంది. తడి ముఖం మీద బఠాణీ గింజంత పెట్టి, నానబెట్టి పిండిన బ్రష్‌తో ఒక నిమిషం తిప్పండి. నురగ మెరుస్తూ ఉండాలి. అంచులు ఎండి పొడిబారితే బ్రష్ కొసలు నీళ్లలో ముంచి మళ్లీ తిప్పండి. పెద్ద బుడగలు వచ్చి కారుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. బ్రష్ గట్టిగా రుద్దితే అదీ చర్మాన్ని ఎర్రబరుస్తుంది, అలాంటివాళ్లు వేళ్లతోనే పూసుకోవచ్చు. సున్నితమైన చర్మానికి నా ఓటు క్రీమ్‌కే.

నురగ రాని జెల్ గడ్డం అంచులు దిద్దుకునేవాళ్లకు బావుంటుంది, గీత కనిపిస్తుంది. రేజర్‌ను మాత్రం మాటిమాటికీ కడగాలి.

షేవ్‌కు ముందు గోరువెచ్చని నీళ్లే అన్నిటికన్నా మంచివి. స్నానం అయిన వెంటనే గీసుకుంటే ఆ పనీ తప్పుతుంది. ప్రీషేవ్ ఆయిల్ వాడితే మూడు నాలుగు చుక్కలు చాలు, అదీ తడి చర్మం మీదే. ఎక్కువైతే నురగ చస్తుంది, బ్లేడ్ల మధ్య జిడ్డు పేరుకుంటుంది.

తర్వాత చన్నీళ్లతో కడిగి, అద్దినట్టు తుడిచి, ఆల్కహాల్ లేని ఆఫ్టర్‌షేవ్ బామ్ రాయండి. సీసా మీద 'అన్‌సెంటెడ్' అని ఉంటే సరిపోదు, వాసన కప్పడానికి వేరే సువాసన కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉండాలి. మెంథాల్ చల్లగా అనిపించినా కొందరికి పడదు. పటిక రక్తం ఆపడానికి తెగినచోట అద్దితే చాలు. ముఖమంతా రుద్దితే చర్మం ఎండిపోతుంది.

మంట ఎప్పుడు మొదలైందో గమనిస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. గీస్తుండగానే అయితే వెంట్రుక నానలేదు, లేదా బ్లేడు మొద్దుబారింది. నురగ పూయగానే అయితే క్రీమ్ పడలేదు. బామ్ రాశాక అయితే మార్చాల్సింది బామ్. ఒకటి రెండు రోజులాగి మెడ మీద గట్టి పొక్కులు లేస్తే, తెగిన వెంట్రుకలు చర్మంలోకే తిరిగి పెరుగుతున్నాయేమో చూడాలి. దానికి ఏ క్రీమూ మందు కాదు. చర్మాన్ని సాగదీయకుండా, వెంట్రుక వాలు వైపే, ఒక్కసారే గీయాలి.