ఏఎల్‌టీ, ఏఎస్‌టీ పరీక్షలు: శాంపిల్ స్టార్ట్ మేలా, సబ్‌స్ట్రేట్ స్టార్ట్ మేలా?

కాలేయ ఎంజైమ్‌లైన ఏఎల్‌టీ, ఏఎస్‌టీలను కొలిచే కిట్ తెరిస్తే లోపలి కాగితంలో చాలాసార్లు రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది శాంపిల్ స్టార్ట్. కిట్‌లోని రెండు రియేజెంట్ సీసాల్లో ఆర్1 నాలుగు పాళ్లు, ఆర్2 ఒక పాలు ముందే కలిపి పెట్టుకుని, అందులో సీరం వేయగానే చర్య మొదలవుతుంది. రెండోది సబ్‌స్ట్రేట్ స్టార్ట్. ఆర్1లో సీరం వేసి 37 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ఆర్2 వేస్తారు. చివరికి క్యూవెట్‌లో ఉండేవి అవే ద్రవాలు, అదే పరిమాణంలో. మారేది వరుస ఒక్కటే. ఆ వరుస వల్ల కొన్ని నమూనాల్లో ఫలితం మారుతుంది, అందుకే ఎంచుకునే ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

ఏఎల్‌టీ, అలనైన్‌లోని అమైనో గుంపును 2-ఆక్సోగ్లూటరేట్‌కు అందిస్తుంది. అలనైన్ పైరువేట్‌గా మారుతుంది. రియేజెంట్‌లో ఉన్న ఎల్‌డీహెచ్ ఆ పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తూ ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు చేస్తుంది. ఏఎస్‌టీలో అస్పార్టేట్ నుంచి ఆక్సలోఎసిటేట్ వస్తుంది, దాన్ని ఎండీహెచ్ మాలేట్‌గా మారుస్తూ అదే ఎన్‌ఏడీహెచ్‌ను వాడుకుంటుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఆక్సీకరణ తర్వాత మిగిలే ఎన్‌ఏడీ పీల్చుకోదు. కాబట్టి మనం చూసేది నిమిషానికి అబ్సార్బెన్స్ ఎంత పడిందన్నదే. 1000 మైక్రోలీటర్ల రియేజెంట్, 100 మైక్రోలీటర్ల సీరం, ఒక సెంటీమీటరు క్యూవెట్, ఎన్‌ఏడీహెచ్ మిల్లీమోలార్ శోషణ గుణకం 6.22 అయితే లెక్క ఇలా వస్తుంది:

```
(1100 × 1000) / (6.22 × 100) = 1768
```

నిమిషానికి పడిన అబ్సార్బెన్స్‌ను 1768తో గుణిస్తే లీటరుకు ఇన్ని యూనిట్లు అని వస్తుంది. అంటే 0.001 తేడాకు దాదాపు 1.8 యూనిట్లు. ఈ లెక్క మనసులో ఉంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

చిక్కేమిటంటే, ఎన్‌ఏడీహెచ్‌ను తినేది మనం కొలవాలనుకున్న ఎంజైమ్ ఒక్కటే కాదు. సీరంలో ముందే పైరువేట్ ఉంటుంది. ఉదాహరణకు అది లీటరుకు 0.2 మిల్లీమోల్ ఉందనుకుందాం. క్యూవెట్‌లో పదకొండో వంతుకు తగ్గి 0.018 అవుతుంది, అంటే అబ్సార్బెన్స్‌లో 0.113. ఎల్‌డీహెచ్ బలంగా ఉన్న తాజా రియేజెంట్ దీన్ని తొలి నిమిషంలోనే తినేస్తుంది, మనం కొలిచే సమయానికి ఏమీ మిగలదు. అదే రియేజెంట్ పాతబడి ఎల్‌డీహెచ్ నీరసించి, ఆ పైరువేట్‌లో పదో వంతు మనం కొలిచే నిమిషంలో ఖర్చయితే? అబ్సార్బెన్స్ 0.011 అదనంగా పడుతుంది. 20 యూనిట్లు ఎక్కువ చూపిస్తుంది. మామూలు మనిషి రిపోర్ట్‌లో 20 యూనిట్ల తేడా చిన్నది కాదు.

సబ్‌స్ట్రేట్ స్టార్ట్‌లో ఆర్2 వేసే లోపే ఈ పైరువేట్ అయిపోతుంది. అందుకే ఏఎస్‌టీ రియేజెంట్‌లో కూడా ఎల్‌డీహెచ్ కలుపుతారు. అయితే ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ లాభం రావాలంటే ఎన్‌ఏడీహెచ్ ఆర్1లోనే ఉండాలి. చాలా కిట్లలో అది 2-ఆక్సోగ్లూటరేట్‌తో పాటు ఆర్2లో ఉంటుంది. అలాంటి కిట్‌తో సీరాన్ని అయిదు నిమిషాలు ఉంచినా పైరువేట్ తగ్గదు, ఎందుకంటే దాన్ని తినడానికి కావలసిన ఎన్‌ఏడీహెచ్ ఇంకా అక్కడ లేదు. కిట్ కాగితంలో ఏది ఏ సీసాలో ఉందో చదవకుండా సబ్‌స్ట్రేట్ స్టార్ట్ మేలు అనడం సరికాదు.

అమోనియా విషయంలో మాత్రం రెండూ ఒకటే. కాలేయం బాగా దెబ్బతిన్నవారి సీరంలో జీఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. అది అమోనియాను 2-ఆక్సోగ్లూటరేట్‌తో కలుపుతూ ఎన్‌ఏడీహెచ్ తింటుంది. 2-ఆక్సోగ్లూటరేట్ వచ్చాకే మొదలయ్యే చర్య కాబట్టి ముందుగా ఉంచడం వల్ల అది ఆగదు.

సబ్‌స్ట్రేట్ స్టార్ట్‌కు నిజమైన బలం పిరిడాక్సల్ ఫాస్ఫేట్ దగ్గర ఉంది. ఈ రెండు ఎంజైమ్‌లూ అది అంటుకుంటేనే పనిచేస్తాయి. బీ6 విటమిన్ తక్కువున్నవారిలో, డయాలసిస్ రోగుల్లో సీరంలోని ఎంజైమ్‌లో కొంత భాగం అది లేకుండా ఖాళీగా ఉంటుంది. ఐఎఫ్‌సీసీ పద్ధతిలో దాన్ని రియేజెంట్‌లో కలిపి, సీరంతో ముందుగా ఉంచుతారు, అప్పుడు ఖాళీ ఎంజైమ్ కూడా పనిలోకి వస్తుంది. శాంపిల్ స్టార్ట్‌లో అందుకు సమయమే దొరకదు. కొలుస్తున్నంతసేపూ ఎంజైమ్ కొద్దికొద్దిగా మేలుకుంటూ ఉంటుంది, గీత తిన్నగా రాదు.

ఇక రెండు పద్ధతుల్లోనూ ప్రమాదం ఒకటుంది, నేను ఎక్కువ భయపడేది దానికే. ఒకసారి కళ్లు బాగా పచ్చబడిన రోగి నమూనాకు శాంపిల్ స్టార్ట్‌లో ఏఎల్‌టీ 14 వచ్చింది. యంత్రం ఏ హెచ్చరికా ఇవ్వలేదు. నమ్మబుద్ధి కాలేదు. తొలి అబ్సార్బెన్స్ చూస్తే 0.21. రియేజెంట్ ఒక్కటే పెడితే 1.15 ఉంది. సీరాన్ని సెలైన్‌తో 20 రెట్లు పలుచన చేసి మళ్లీ వేస్తే నిమిషానికి 0.098 పడింది. 0.098ని 1768తో గుణిస్తే 173, దాన్ని 20తో గుణిస్తే దాదాపు 3,465. అంటే పలుచన చేయని సీరం నిమిషానికి 1.96 వేగంతో పడిపోతోంది. ఉన్న 1.15ను అరనిమిషం దాటగానే పూర్తిగా తినేసింది. మనం వదిలిన మొదటి 60 సెకన్ల ఆలస్యం ముగిసేసరికి కొలవడానికి ఏమీ మిగల్లేదు. ఆ చదునైన గీతే 14గా వచ్చింది. తీవ్ర కాలేయ వ్యాధికి నార్మల్ అన్న రిపోర్ట్ వెళ్లిపోయేది.

ఆర్1లో ఎన్‌ఏడీహెచ్ ఉన్న సబ్‌స్ట్రేట్ స్టార్ట్‌లో ఈ పొరపాటు తేలిగ్గా కంటపడుతుంది. ఆర్2 వేయకముందు పైన ఉన్న అబ్సార్బెన్స్ వేయగానే కింద పడిపోవడం చూడగలం. అయినా ఆలస్యపు నిమిషం అక్కడా ఉంది కాబట్టి, యంత్రంలో తొలి అబ్సార్బెన్స్‌కు హద్దు పెట్టకపోతే అదే తప్పు జరగవచ్చు. ఏ పద్ధతి అయినా ఆ హద్దు పెట్టండి. అది మోగితే పలుచన చేసి మళ్లీ కొలవండి.

శాంపిల్ స్టార్ట్‌కు ఉన్న బలహీనత ఇంకొకటి కలిపిన రియేజెంట్ ఆయుష్షు. ఆర్1, ఆర్2 విడివిడిగా నిలిచినంత కాలం కలిపాక నిలవవు, ఎన్‌ఏడీహెచ్ తనంతట తానే తగ్గుతూ ఉంటుంది. రోజూ ఉదయం రియేజెంట్ బ్లాంక్ చదవాలి. తరచుగా 1.0 దగ్గర ఉండే కిట్ హద్దు కన్నా అది కిందికి దిగితే పారేయాలి. బ్లాంక్ నిమిషానికి 0.002 జారుతున్నా అది 3.5 యూనిట్లు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. పిరిడాక్సల్ ఫాస్ఫేట్ ఉన్న కిట్ అయితే సబ్‌స్ట్రేట్ స్టార్ట్ తప్ప మరో మాట లేదు. అది లేని కిట్‌లో ఎన్‌ఏడీహెచ్ ఆర్1లో ఉంటే అప్పుడు కూడా సబ్‌స్ట్రేట్ స్టార్టే నయం. ఎన్‌ఏడీహెచ్ ఆర్2లో ఉండి, నమూనాలు ఎక్కువై ఒక్కొక్కటిగా చేత్తో చేసేచోట మాత్రం, తాజాగా కలిపిన రియేజెంట్‌తో శాంపిల్ స్టార్ట్ చేస్తే పెద్దగా పోయేది లేదు. డయాలసిస్ రోగిని వరుసగా గమనిస్తుంటే మాత్రం మధ్యలో పద్ధతి మార్చకండి. మారిస్తే, పిరిడాక్సల్ ఫాస్ఫేట్ వల్ల పెరిగిన అంకెను వ్యాధి ముదిరిందని పొరబడే అవకాశం ఉంది. మార్చక తప్పకపోతే, ఆ రిపోర్ట్‌లో పద్ధతి పేరు రాసి, డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పండి.