రెండున్నరేళ్లుగా పోలరైజ్డ్ కళ్లద్దాలు: చెరువు గట్టు మీద వరం, తడి రోడ్డు మీద మోసం

రొయ్యల మేత ఏజెన్సీ పని మీద పాలకొల్లు నుంచి నరసాపురం, మొగల్తూరు వైపు రోజూ 60 కిలోమీటర్లకు తక్కువ కాకుండా మోటారుసైకిలు మీద తిరుగుతాను. దారికి రెండు పక్కలా చెరువులే కావడంతో ఎండ పై నుంచి ఎంత పడుతుందో, నీటి మీద పడి కింది నుంచి కూడా అంతే కొడుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకున్న మొదటి రోజున ఆ నీటి మెరుపు తుడిచిపెట్టినట్లు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్ రెక్కల పక్కన నీటి రంగు, గట్టు అంచున మునిగి ఉన్న పైపు మూతి కూడా కనిపించాయి. నీటి మీద, తారు మీద తగిలి వచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. లెన్సులోని పొర ఆ అడ్డపు వెలుగునే ఆపుతుంది. ఆ సంబరంలో కనబడిన ప్రతివారికీ ఇవే కొనమని చెప్పాను.

పోలరైజేషన్ వేరు, అతినీలలోహిత కిరణాల రక్షణ వేరు, నలుపు వేరు అన్న సంగతి అప్పటికే ఒకసారి దెబ్బ తిని తెలుసుకున్నాను. అంతకుముందు అంతర్వేది తీర్థంలో 150 రూపాయలకు కొన్న జత బొగ్గులా నల్లగా ఉండేది. కళ్లజోళ్ల దుకాణదారు నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం తీసి, 500 నోటు మీద వేసి, మధ్యలో నా లెన్సు అడ్డుపెట్టి, లెన్సులోంచి కాకుండా పక్క నుంచి చూడమన్నాడు. నోటులోని సన్నని దారాలు లెన్సు నీడలో కూడా మెరిశాయి. కొత్త లెన్సు పెడితే ఆరిపోయాయి. నల్లటి అద్దం వెనుక కనుపాప విచ్చుకుంటుంది కనుక, కిరణాలను ఆపని నలుపు అద్దం లేనప్పటి కన్నా ఎక్కువ హాని చేయగలదు. అయితే ఈ పరీక్షను మరీ నమ్మకూడదు. ఆ దీపం ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గరే చెబుతుంది, ఊదా రంగు వెలుగు ఎక్కువగా వచ్చే చౌక దీపమైతే ఉత్త నలుపు కూడా మోసం చేయగలదు. 400 నానోమీటర్ల వరకు ఆపుతుందని రాసి ఉన్నదే తీసుకుని, దుకాణంలో ఈ కిరణాలను కొలిచే మీటరు ఉంటే దాని మీద కూడా చూపించమని అడగడం మంచిది.

ఇక నా ఫిర్యాదు. పోయిన ఏడాది ఒక ఉదయం చించినాడ వంతెన దిగి దిండి వైపు వెళ్తూ, ముందు మలుపులో ముదురు రంగు అతుకు ఒకటి చూసి, కొత్తగా తారు వేశారనుకున్నాను. అది తారు అతుకు కాదు. రొయ్యల ట్రేలు తీసుకెళ్లే వ్యాను నుంచి కారిన ఐసు నీళ్లు దుమ్ములో కలిసి జిగటగా మారిన మడుగు. మామూలు కంటికైతే అది దూరం నుంచే తళతళలాడి హెచ్చరించేది. నా లెన్సు ఆ హెచ్చరికనే తినేసింది. పైగా ఈ పొర బాగా పనిచేసేది బండికి కొద్ది మీటర్ల ముందున్న నేల మీదనే, అంటే జారే చోటునే. వెనుక చక్రం పక్కకు పోయి మోకాలు గీసుకుపోయింది. అప్పటి నుంచి రోడ్డు మీద రంగు మారిన చోటల్లా తలను కొంచెం పక్కకు వంచుతున్నాను. కోణం మారితే మెరుపు కొంత తిరిగి వస్తుంది. చాలా ఫోన్ల తెర వెలుగు కూడా ఒకే దిశలో కంపిస్తుంది కనుక, దారి చూసుకునే ఫోనును అడ్డంగా బిగిస్తే నల్లబడి కనిపించవచ్చు. కొనే ముందే మీ బండి మీటరునూ, ఫోనునూ ఈ అద్దాల్లోంచి చూడండి. ఫోను ముందు అద్దాలను తిప్పితే రెండు లెన్సులూ ఒకే కోణంలో నల్లబడాలి. అలా కాకపోతే పొర అమరిక సరిలేదని అర్థం.

రంగు విషయంలో నాది గోధుమ వర్ణం, మూడో శ్రేణి. అంటే నూరు పాళ్లలో 8 నుంచి 18 పాళ్ల వెలుగు లోపలికి వస్తుంది. చెరువుల మీద చక్కగా సరిపోతుంది గాని, ఎండలోంచి దిండి కొబ్బరితోటల నీడలోకి దూరినప్పుడు ఒకటి రెండు క్షణాలు గుంతలు కనిపించవు. ఎదురు వెలుతురులో మసక తక్కువగా ఉండడం వల్ల నాకు గోధుమ వర్ణం నచ్చింది. మా తమ్ముడు సిగ్నల్ రంగులు మారకుండా ఉండాలని బూడిద వర్ణమే వాడతాడు. అంతకన్నా ముదురైన నాలుగో శ్రేణి మాత్రం బండి నడపడానికి పనికిరాదు.

ఒక వేసవిలో బండి సీటు కింది పెట్టెలో వదిలేయడంతో ఎడమ లెన్సు అంచున పొర కొద్దిగా లేచింది, కాబట్టి మన్నిక గురించి మునుపటంత ధీమాగా చెప్పలేను. నాది పగటి పని, చెరువుల దారి, సొంతంగా కొనుక్కునే స్తోమత కనుక మళ్లీ కొంటే పోలరైజ్డే కొంటాను. వానాకాలంలో తడి రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవారికి, పాలు పోయడానికి చీకటిలో లేచేవారికి ఇదే మాట చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. పగటి పూట వాళ్లకు పోలరైజేషన్ లేని, కిరణాలను ఆపే తేలికపాటి రంగు లెన్సు చాలేమో.