మాత్ర పనిచేసింది, బరువు మాత్రం ఎవరూ సరిగ్గా చూడలేదు: మావాడితో 18 నెలలు

మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, నిలకడ కుదరని సమస్య ఉందని తేలి, దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టి ఈ జనవరికి 18 నెలలు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మాది అనంతపురం. మాత్ర రాసే డాక్టరు గారు బెంగళూరులో ఉంటారు. జ్వరం, దగ్గు లాంటివి వస్తే ఇక్కడే ఒక పిల్లల డాక్టరు గారికి చూపిస్తాం. ఈ ఇద్దరి మధ్యలో పడి ఒక విషయం ఆరు నెలలు ఎవరి కంటా పడలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మాత్ర పనితనం గురించి ఎక్కువ చెప్పను. మొదట 5 మిల్లీగ్రాములది పొద్దున, మధ్యాహ్నం వేశాం. నెల తర్వాత పొద్దున ఒక్కసారే వేసే, మందు కొంచెం కొంచెంగా విడుదలయ్యే 18 మిల్లీగ్రాముల మాత్రకు మార్చారు. నమలకుండా, పొడి చేయకుండా మింగాల్సిన రకం అది. రెండో నెలకే నోట్సు పూర్తిగా రాసుకుని రావడం మొదలైంది. మూడో నెలలో మా చెల్లెలు అడిగితే, "దీంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు అంత నిబ్బరంగా అనలేను.

మొదలుపెట్టేటప్పుడు, జూలైలో, ఇక్కడి క్లినిక్‌లో తూచినప్పుడు 24.6 కిలోలు, ఎత్తు 126 సెంటీమీటర్లు. అక్టోబరులో బెంగళూరు వెళ్లినప్పుడు అక్కడ తూచారు, 25.0. ఆకలి తగ్గిందని నేను చెప్పాను. "బరువు పెరిగిందిగా, పర్వాలేదు" అన్నారు. నాకూ ధైర్యం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లాం. వాడు జీన్సు, బూట్లు, చలికోటుతోనే మిషన్ ఎక్కాడు. అప్పుడు అది నా బుర్రకు తట్టలేదు.

సంక్రాంతికి అత్తమ్మ వాడికి తలంటు పోస్తూ నన్ను కేకేసింది. "ఏమ్మే, పిల్లోడు ఇట్లా అయిపోయినాడు? వీపు చూడు." చూశాను. రెక్కల ఎముకలు పైకి తేలి, పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టేలా ఉన్నాయి. రోజూ చూసే బిడ్డ కాబట్టి నా కంటికి ఆనలేదు. బూట్లకు కూడా అప్పటిదాకా ఒక్క నంబరు పెరగలేదు. అంతకుముందు ఏడాదికి రెండు నంబర్లు మారేవి.

పండగ అవగానే ఇక్కడి క్లినిక్‌లో, జూలైలో తూచిన అదే మిషన్ మీద, పొద్దున పూట చొక్కా నిక్కరుతో నిలబెట్టాం. 23.9 వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. మా ఆయన ఇంటికి వెళ్లి ఆ జీన్సు, బూట్లు, కోటు తెచ్చారు. అవి వేసి మళ్లీ ఎక్కిస్తే 25.1. అంటే 1.2 కిలోలు బట్టలవే. అక్టోబరు నాటి 25.0లోంచి అది తీసేస్తే 23.8. మూడు నెలల్లో ముప్పావు కిలో తగ్గిన బిడ్డను పెరిగాడనుకుని మేం ఊరుకున్నాం. ఆ రోజు నేను క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఎనిమిదేళ్ల పిల్లాడు మామూలుగా ఏడాదికి రెండు మూడు కిలోలు పెరుగుతాడు, ఎత్తు ఐదారు సెంటీమీటర్లు. మావాడి ఎత్తు ఆ ఆరు నెలల్లో 126 నుంచి 127.3కి వచ్చింది. రావాల్సిన దాంట్లో సగం. పిల్లల డాక్టరు గారు భారతీయ పిల్లల పెరుగుదల చార్టు తీసి చుక్కలు పెట్టి చూపించారు. జూలైలో బరువు మధ్య గీతకు దగ్గరగా ఉంది, జనవరిలో ఆ గీత కిందికి జారింది. ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "ఒక అంకె చూసి ఏమీ చెప్పలేమమ్మా. అదే పిల్లాడి చుక్కలు ఏ గీత వెంట పోతున్నాయి, గీత దాటి కిందికి దిగుతున్నాయా అని చూడాలి." ఎత్తు కొలిచేటప్పుడు అర సెంటీమీటరు తేడా ఎవరికైనా వస్తుందని, అందుకే నెలనెలా ఎత్తు చూసి టెన్షన్ పడొద్దని, ఆరు నెలలకోసారి చూస్తే చాలని కూడా అన్నారు. పదేళ్ల లోపు పిల్లలకు బరువు మాత్రం మూడు నెలలకోసారైనా చూడాలట.

ఈ మాత్ర మధ్యాహ్నం ఆకలిని చంపేస్తుంది. అది తెలిసిన సంగతే, డాక్టరు గారు మొదటే చెప్పారు. నేను చేసిన తప్పు ఆ మధ్యాహ్నం అన్నంతోనే యుద్ధం చేయడం. క్యారియర్ తెరిస్తే అన్నం మీద వేలితో రెండు ముద్దలు తీసిన గుంట తప్ప కదిలింది ఉండేది కాదు, పెరుగు పైన అట్టకట్టి ఉండేది. "ఆకలి కాలేదుమా" అనేవాడు. నేను అరిచేదాన్ని. ఆ కోపం సాయంత్రం తిండి మీదకీ పాకింది. తిండి అంటేనే వాడికి భయం పట్టుకుంది.

మాత్రను ఆపలేదు, మోతాదు తగ్గించలేదు. బెంగళూరు డాక్టరు గారికి అసలు అంకెలు చూపిస్తే, ముందు తిండి వేళలు మారుద్దాం, మూడు నెలల్లో గీత తిరక్కపోతే మోతాదు మాట చూద్దాం అన్నారు. అప్పటి నుంచి పొద్దున ఆరున్నరకే, మాత్రకు ముందు, కడుపు నిండా పెడుతున్నాను. జొన్న రొట్టె, గుడ్లు, లేదా ఉగ్గాని మీద పప్పుల పొడి గట్టిగా వేసి. మాత్ర ఏడున్నరకు. క్యారియర్‌లో కొంచెమే పెడతాను, మిగిలితే ఏమీ అనను. ఈ రకం మాత్ర ప్రభావం పది, పన్నెండు గంటలు ఉంటుంది. ఏడు గంటలకు ఆకలి తిరిగొస్తుంది. అప్పుడు ఒక గ్లాసు పాలు, చెనక్కాయలు బెల్లం. ఎనిమిదిన్నరకు అసలు భోజనం, సంగటి మీద నెయ్యి, పప్పు లేదా కోడికూర. మా ఇంట్లో పెద్దభోజనం రాత్రికి మారింది.

నాకు సంతోషం కలిగించింది ఇదే, ఇంత చిన్న మార్పుతో చుక్కలు తిరగడం. ఏప్రిల్‌కు 24.9. వేసవి సెలవుల్లో డాక్టరు గారు చెప్పిన మీదట ఆరు వారాలు మాత్ర ఆపాం. ఆ ఆరు వారాలు ఇల్లు పీకి పందిరి వేసినట్టు ఉంది, అబద్ధం చెప్పను. కానీ తిన్నాడు. జూలైకి 26.3 కిలోలు, 130.4 సెంటీమీటర్లు. ఈ జనవరిలో 27.6, 133. మొత్తం 18 నెలల్లో ఎత్తు ఏడు సెంటీమీటర్లు పెరిగాడు. మామూలుగా పెరగాల్సిన దానికి ఇంకా ఓ సెంటీమీటరు వెనక ఉన్నట్టే. అది పూర్తిగా పూడుతుందో లేదో చూడాలి.

ఇప్పుడు బరువు ఒకే మిషన్ మీద, నెల మొదటి ఆదివారం, పొద్దున టిఫిన్‌కు ముందు, చొక్కా నిక్కరుతో చూసి రూళ్ల నోట్‌బుక్‌లో రాస్తాను. మాత్ర లేని రోజులు పక్కన సున్నా చుట్టి పెడతాను. ఇది ముఖ్యం, ఎందుకంటే ఈ మందు చీటీ రెండు కాపీలు రాయించుకోవాలి, ఒకటి షాపు వాళ్లు ఉంచుకుంటారు, మా ఊళ్లో అన్ని షాపుల్లో దొరకదు. నవంబరులో తొమ్మిది రోజులు దొరకలేదు. ఆ నెల ముప్పావు కిలో పెరిగాడు. సున్నాలు లేకపోతే తిండి వేళలు మార్చినందుకే పెరిగాడని అనుకునేదాన్ని.

ఈ మందుతో నాడి, బీపీ పెరగొచ్చు కాబట్టి అవీ చూసుకోవాలి. మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చూడాలి. పెద్దవాళ్ల బీపీ పట్టీ పిల్లల చేతికి కడితే తక్కువ చూపిస్తుంది, పిల్లల పట్టీ ఉందా అని అడగండి. నాడి నేను ఇంట్లో చూస్తాను. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, నిమిషం నిండా లెక్కపెడతాను, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించను. మొదట్లో 88, ఇప్పుడు 94, 96 మధ్య. ఊరికే కూర్చున్నప్పుడు రెండుసార్లు 120 దాటితే ఫోన్ చేయమన్నారు. ఆటలో కళ్లు తిరిగి పడినా, గుండెలో నొప్పి అన్నా ఆ రోజే చూపించాలి. మాకు ఆ అవసరం రాలేదు.

ఒక విషయం తల్లిదండ్రులకు చెప్పాలనుంది. మందు పనిచేసే గంటలు మనం చూడం. మనకు దొరికేది పొద్దున మాత్రకు ముందు గంట, సాయంత్రం అది దిగిపోయే గంట. ఆరు, ఏడు మధ్య మావాడు చిన్న మాటకే ఏడుస్తాడు, పుస్తకం విసిరేస్తాడు. ఆ గంటే చూసి మా ఆయన రెండు నెలలు "ఈ మాత్ర దండగ" అన్నారు. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎంత ఉన్నాయో చూసే వాండర్‌బిల్ట్ ఫారం టీచరమ్మ నింపి పంపాక ఆయన ఆ మాట మానేశారు. ఒక్కో ప్రవర్తనకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు, ఎంత తరచుగా కనిపిస్తే అంత ఎక్కువ. రెండు, మూడు ఉన్నచోట సున్నా, ఒకటి వచ్చాయి. అయితే ఆ ఫారం పొద్దుటి పీరియడ్ల టీచరే నింపాలి, ప్రతిసారీ ఆవిడే నింపాలి. వేరే టీచరు నింపితే మార్పు పిల్లాడిదో, టీచరుదో తెలియదు. సాయంత్రం గంటను విడిగా రాస్తున్నాను. నిద్ర పట్టే వేళ కూడా. మొదట్లో పదిన్నర, ఇప్పుడు పావు తక్కువ పది.

మేం ఈ మాత్రను కొనసాగిస్తున్నాం. మావాడు మొదట్లో మరీ సన్నగా లేడు, ఇంట్లో వేళకు వండిపెట్టే అత్తమ్మ ఉంది, తూకం మిషన్ ఉన్న క్లినిక్ నడిచిపోయే దూరం. ఇంతకంటే చిన్న పిల్లలకు, ముందే బక్కగా ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లకు నా లెక్క సరిపోదు, వాళ్ల డాక్టరు గారినే అడగాలి. మూడు నెలలకోసారి వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌లోని ఆ పేజీ ఫోటో తీసి ఇద్దరు డాక్టర్లకూ పంపిస్తున్నాను. మళ్లీ ఎత్తు చూసేది జూలైలో. మావాడి కొత్త బూట్లు ఒక నంబరు పెద్దవి కొన్నాం, ముందు దూది పెట్టి వేసుకుంటున్నాడు.