మెకానిక్‌కు రోజు గ్యారంటీ ఇవ్వాలా, సర్వీసు రిజిస్టర్ ఇవ్వాలా?

ఇంటి సర్వీసుల యాప్ పెడతామంటూ ప్లాన్ చూపించే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. పనివాళ్లు లేనిదే కస్టమర్లు రారు, కస్టమర్లు లేనిదే పనివాళ్లు ఉండరు, మరి ముందు ఎవరిని పట్టుకోవాలి? మొన్న నా దగ్గరకొచ్చిన ప్లాన్ విశాఖ ఎంవీపీ కాలనీలో ఏసీ మెకానిక్‌లది.

వాళ్లు రాసుకున్నది రోజు గ్యారంటీ. ఆరుగురు మెకానిక్‌లకు రోజుకు 800 రూపాయలు ఖాయం, తగ్గితే కంపెనీ కలుపుతుంది. సర్వీసుకు 600, అందులో కమీషన్ 90. రోజుకు ఒక్క పనే దొరికితే మెకానిక్ చేతికి వచ్చేది 510, మనం కలపాల్సింది 290. మన కమీషన్ పోను తలకు 200 నష్టం, ఆరుగురికి నెలకు 36,000. తలా రెండో పని, అంటే రోజుకు 12 కాల్స్ వస్తే ఇక కలపక్కర్లేదు. ఇంతవరకు భయపడాల్సిందేమీ లేదు.

నా అనుమానం ఆ తర్వాతిది. ఉబర్ తొలి రోజుల్లో డ్రైవర్లకు గంటకింతని ఇచ్చింది, అక్కడ అది పనిచేసింది. ఎక్కేవాళ్లకు ఏ డ్రైవరైనా ఒకటే కదా. ఏసీ సంగతి అలా కాదు. మన ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తుప్పు పడుతుంది, దాని చరిత్ర తెలిసిన మనిషినే మళ్లీ పిలుస్తాం. "ఈసారి నాకే ఫోన్ చేయండమ్మా, యాభై తగ్గిస్తా" అంటాడు. రెండో సర్వీసు యాప్‌కు రాదు. గ్యారంటీ డబ్బు పోసి అతనికి సొంత కస్టమర్లను కొనిపెట్టినట్టే. ఆరు నెలల తర్వాత పాత ఇళ్ల నుంచి మళ్లీ బుకింగ్‌లు లేకపోతే జరిగింది ఇదేనని అర్థం.

అందుకే నా మొగ్గు రెండోదానికి. మెకానిక్‌కు ఫోన్లో ఉచిత సర్వీసు రిజిస్టర్ ఇవ్వాలి: ఏ ఇంట్లో ఏ ఏసీ, గ్యాస్ ఎప్పుడు నింపాడు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. అతని పాత కస్టమర్ల మీద కమీషన్ వద్దు. అప్పుడు దాచాల్సిన అవసరం ఉండదు, కొనేవాళ్లను అతనే వెంటబెట్టుకొస్తాడు. ఎండలు ముదిరాక వెళ్లలేని కాల్స్‌ను రిజిస్టర్‌లోని ఇంకో మెకానిక్‌కు పంపుతాడు. కమీషన్ ఆ బదిలీ మీదే, అందులో కొంత పంపినవాడికి. అందుకని మొదలుపెట్టాల్సింది ఫిబ్రవరిలో, మేలో కాదు.

ఇందులోనూ గండం ఉంది. 2006లో మొదలైన రెడ్‌బస్ వాళ్లు ముందు బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేరే రాశారు, ఆపరేటర్లు తీసుకోలేదు. కొన్ని సీట్లు ఇవ్వండి, అమ్మిపెడతామన్నాకే దారి దొరికింది. మెకానిక్ కూడా రిజిస్టర్ నింపుతూ కూర్చోడు. మొదటి వంద ఇళ్ల వివరాలు అతని పక్కన కూర్చుని ఈ ప్లాన్ తెచ్చిన కుర్రాళ్లే ఎక్కించాలి.

కస్టమర్లకు ముందే డిస్కౌంట్ కూపన్లు పంచే మూడో దారి గురించి ఎక్కువ చెప్పను. పిలిచినప్పుడు మెకానిక్ రాకపోతే ఆ ఇల్లు మళ్లీ యాప్ తెరవదు.

గ్యారంటీ పేజీని మాత్రం చింపొద్దన్నాను. బదిలీ కాల్స్ తీసుకోవడానికి పాత కస్టమర్లు లేని ఇద్దరు కొత్త కుర్రాళ్లు కావాలి. వాళ్లిద్దరికీ ఏప్రిల్, మే నెలలకు అది పనికొస్తుంది.